డీప్ స్లీప్‌లో పెట్టినా సెల్ 9 రోజులకే ఎందుకు అయిపోతోంది?

"ఈఎస్‌పీ32 డెవ్ బోర్డుతో నేల తేమ నోడ్ చేశాను. 15 నిమిషాలకోసారి టైమర్‌తో లేచి వైఫైలో రీడింగ్ పంపి డీప్ స్లీప్‌లోకి వెళ్తుంది. 2500 ఎంఏహెచ్ సెల్ 9 రోజులే వచ్చింది. కోడ్‌లో తప్పుందా?"

కోడ్ మీద అనుమానం వద్దండీ, ముందు లెక్క చూడండి. 2500ని 216 గంటలతో భాగిస్తే సగటున 11.6 మిల్లీ ఆంప్స్. డీప్ స్లీప్‌లో చిప్ తీసుకునేది సుమారు 10 మైక్రో ఆంప్స్ మాత్రమే. మేలుకున్నప్పుడు 4 సెకన్లు, సగటున 100 మిల్లీ ఆంప్స్ అనుకుందాం. 400ని 900 సెకన్లకు పంచితే 0.44 మిల్లీ ఆంప్స్. మిగతా 11 బోర్డు, సెన్సర్ కలిసి తినేస్తున్నాయి.

చాలా డెవ్ బోర్డుల్లో ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఊరికే ఉన్నా దాదాపు 5 తీసుకుంటుంది. 3.3 వోల్టులకు నేరుగా కలిపిన కెపాసిటివ్ సెన్సర్ ఇంకో 5. పవర్ ఎల్ఈడీ, యూఎస్‌బీ చిప్ మిగతాది. సెల్‌తో సిరీస్‌లో మల్టీమీటర్ పెట్టి ఒక్కొక్కటీ తీసేస్తూ చూడండి, ఏది ఎంతో తెలిసిపోతుంది. మీటర్‌ను మైక్రో ఆంప్ రేంజ్‌లో ఉంచి వైఫై ఆన్ చేయకండి, బోర్డు రీసెట్ అవుతూనే ఉంటుంది.

డెవ్ బోర్డు వదిలేసి ఉత్త మాడ్యూల్, హెచ్‌టీ7833 రెగ్యులేటర్, పక్కన పెద్ద కెపాసిటర్ వాడండి. సెన్సర్‌కు పవర్ జీపీఐఓ పిన్ నుంచి ఇవ్వండి, చదివే ముందు మాత్రమే ఆన్ చేయండి. అప్పుడు సగటు 0.46కి దిగుతుంది. సెల్‌లో 2000 వాడుకోగలిగినా 6 నెలలు వస్తుంది. గంటకోసారి లేపితే సగటు 0.13 దగ్గరే. నేల తేమకు అది చాలు.

తర్వాత వర్షమాపకం స్విచ్‌తో కూడా లేపాలనుకుంటే, లేచిన కారణం లాగ్ చేయండి:

```
esp_sleep_get_wakeup_cause()
```

స్విచ్ మూసుకుని ఇరుక్కుంటే నోడ్ నిద్రపోయిన వెంటనే మళ్లీ లేస్తుంది. వరసగా అదే కారణం కనిపిస్తే ఆ పిన్‌ను ఆపి టైమర్ ఒక్కటే ఉంచండి.