రిఫరెన్సుకు పాత మేనేజరుగారి పేరు: ఎలా అడగాలి, ఏమి పంపాలి

ప్రశ్న: మాది రాయగడ. ఇక్కడి ఒక మైక్రోఫైనాన్సు సంస్థ బ్రాంచిలో 2019 జూలై నుంచి 2023 మార్చి వరకు అకౌంట్సు చూశాను. అత్తగారికి పక్షవాతం రావడంతో ఉన్నట్టుండి మానేయవలసి వచ్చింది. రెండు నెలల నోటీసులో మూడు వారాలే పనిచేశాను. మిగిలిన రోజులకు జీతం కోసుకుని రిలీవింగ్ లెటర్ ఇచ్చారు. మా మేనేజరుగారు ఒడియా ఆయన, అప్పుడు బాగా నొచ్చుకున్నారు. ఆ తర్వాత మాటల్లేవు. ఆయన ఇప్పుడు బరంపురంలో వేరే సంస్థలో ఉన్నారు. విజయనగరంలో ఒక వాహన రుణాల సంస్థకు దరఖాస్తు పెడితే, ఇద్దరు రిఫరెన్సుల పేర్లు రాయమన్నారు, వారిలో ఒకరు పాత పై అధికారి అయి ఉండాలట. “పేరు రాసేయ్, ఎవరూ ఫోన్ చేయరు” అంటారు మా ఆయన. మామగారు మేనేజరుగారి బంధువు ఒకరితో చెప్పిస్తానంటున్నారు, లేదా మిఠాయి డబ్బాతో బరంపురం వెళ్దామంటున్నారు. నేరుగా అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా మీవారి మాట సంగతి చూద్దాం. అన్ని ఉద్యోగాలకూ ఫోన్ చేసి విచారించకపోవచ్చు గాని, నగదు, ఖాతాదారుల కాగితాలు చేతిలో ఉండే ఉద్యోగానికి మనిషిని తీసుకునేటప్పుడు రుణాల సంస్థలు తమ హెచ్ఆర్ విభాగం ద్వారానో, ఆ పని చేసిపెట్టే బయటి ఏజెన్సీ ద్వారానో ఆరా తీయడం మామూలే. అలాంటి ఫోన్ మూడేళ్లుగా పలకరింపు లేని మనిషికి హఠాత్తుగా వెళితే ఏమవుతుందో ఊహించండి. ఆయన చెడ్డగా చెప్పనక్కర లేదు. “ఎవరు? ఆ అమ్మాయా? ఎప్పుడు పనిచేసిందో సరిగా గుర్తు లేదు, మధ్యలో మానేసింది” అన్నా చాలు, అవతల రాసుకునేవారు రాసుకునేది అదే. ఆయనకు కోపం ఉన్నందువల్ల కాక, సిద్ధంగా లేనందువల్ల మీకు నష్టం జరుగుతుంది. పైగా ఆయన ఫోన్ నంబరు ఆయన సొంతం. దాన్ని మూడోవారి చేతిలో పెట్టే ముందు అడగడం మర్యాద.

మామగారి ఆలోచనలో ప్రేమ ఉంది, కాని ఈ పనికి అది పనికిరాదు. బంధువు చేత చెప్పిస్తే ఆయన మొహమాటానికి “సరే” అంటారు. మొహమాటంతో ఒప్పుకున్న మనిషి ఫోన్‌లో పొడిపొడిగా మాట్లాడతారు, ఆ పొడితనాన్ని విచారించేవారు వెంటనే పసిగడతారు. మిఠాయి డబ్బాతో బరంపురం వెళ్లడం కూడా ఇప్పుడు వద్దు. “కాదు” అనే వీలు ఆయనకు నిజంగా ఉన్నప్పుడే ఆయన “సరే” అన్న మాటకు విలువ ఉంటుంది.

కాబట్టి అడగవలసింది మీరే. మూడేళ్ల తర్వాత ఒక్కసారిగా ఫోన్ చేస్తే ఆయనకు ఆలోచించుకునే వ్యవధి ఉండదు, మీకూ మాట తడబడుతుంది. ముందు వాట్సాప్‌లో గాని, మెయిల్‌లో గాని చిన్న సందేశం పంపండి. పాత సంస్థ ఇచ్చిన మెయిల్ ఐడీ ఇప్పుడు ఆయనకు ఉండదు గనుక ఆ చిరునామాకు పంపి జవాబు రాలేదని బాధపడకండి. ఆఫీసులో ఆయనకు ఏ భాషలో రాసేవారో ఆ భాషలోనే రాయండి, అక్కడ “ఆజ్ఞా” అని పిలిచే అలవాటుంటే ఇప్పుడూ అలాగే పిలవండి. అందులోని విషయం ఇలా ఉంటే బాగుంటుందని తెలుగులో రాసి చూపిస్తున్నాను:

“నమస్కారమండీ. రాయగడ బ్రాంచిలో 2019 నుంచి 2023 వరకు మీ దగ్గర అకౌంట్సు చూసినదాన్ని. మీరూ ఇంట్లోవారూ బాగున్నారని తలుస్తాను. మా అత్తగారు ఇప్పుడు కోలుకున్నారు, నేను మళ్లీ ఉద్యోగంలో చేరాలనుకుంటున్నాను. విజయనగరంలో ఒక వాహన రుణాల సంస్థలో బ్రాంచి అకౌంట్సు ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. నా పని దగ్గరగా చూసినవారు మీరు గనుక, రిఫరెన్సుగా మీ పేరు, ఫోన్ నంబరు ఇవ్వడానికి మీ అనుమతి కోరుతున్నాను. అప్పట్లో నోటీసు గడువు పూర్తి చేయకుండా వెళ్లడం వల్ల బ్రాంచికి, మీకు ఇబ్బంది కలిగింది, ఆ సంగతి నాకు తెలుసు. నా పని గురించి మంచిగా చెప్పగలనని మీకు అనిపిస్తేనే ఒప్పుకోండి. వీలుకాకపోతే ఒక్క మాట రాయండి, వేరొకరిని అడుగుతాను, ఏమీ అనుకోను. ఫారం వచ్చే సోమవారం ఇవ్వాలి. మీరు సరేనంటే కావలసిన వివరాలన్నీ పంపుతాను.”

ఇందులో రెండు వాక్యాలను తీసేయకండి. మొదటిది నోటీసు సంగతి. దాన్ని దాటవేస్తే ఆయన మనసులో ఉన్నది అలాగే ఉండి, విచారించేవారి ముందు బయటపడుతుంది. ఒక్క వాక్యంలో ఒప్పుకుంటే చాలు, అత్తగారి జబ్బు కథంతా మళ్లీ చెప్పి సమర్థించుకోవద్దు. రెండోది “మంచిగా చెప్పగలనని అనిపిస్తేనే” అన్నది. “మీ పేరు పెట్టుకోవచ్చా” అని మాత్రమే అడిగితే ఎవరైనా పెట్టుకోమంటారు. మీకు తెలియవలసింది ఆయన ఏం చెబుతారన్నది.

జవాబును కాస్త జాగ్రత్తగా చదవండి. “తప్పకుండా, ఎవరు ఫోన్ చేస్తారు, ఎప్పుడు?” అని ఎదురు ప్రశ్న వేస్తే ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకున్నట్టే. “పెట్టుకో, చూద్దాం” అంటే సగం మనసు, అప్పుడు ఒకసారి ఫోన్ చేసి, నోటీసు గురించి అడిగితే ఆయన ఏం చెబుతారో నేరుగా కనుక్కోండి. నీలి టిక్కులు పడి జవాబు రాకపోవడం అంగీకారం కాదు. నాలుగు రోజులు చూసి, సాయంత్రం బ్రాంచి పని ముగిసే వేళకు ఒకసారి ఫోన్ చేయండి. అప్పటికీ పలకకపోతే ఆయన పేరు వదిలేయండి.

ఆయన ఇంకా మీ పాత సంస్థలోనే ఉండి ఉంటే మరో చిక్కు ఉండేది. చాలా సంస్థలు తమ మేనేజర్లను సొంతంగా రిఫరెన్సు ఇవ్వనివ్వవు. ఎవరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఏ హోదాలో పనిచేశారన్నది మాత్రం హెచ్ఆర్ విభాగం ధ్రువీకరిస్తుంది. రెండో రిఫరెన్సుగా మీరు పాత సంస్థలోనే ఉన్న ఎవరినైనా అడిగినప్పుడు “మా రూల్స్ ఒప్పుకోవు” అంటే దాన్ని కోపంగా తీసుకోకండి.

ఆయన సరేనన్నాక పంపవలసిన వివరాలే ఈ వ్యవహారంలో అసలు బలం. ఒక బ్రాంచి మేనేజరు చేతి కింద ఎంతోమంది వచ్చి పోతుంటారు, మీరు చేసిన పని మీకు గుర్తున్నట్టు ఆయనకు గుర్తుండదు. ఒక పేజీ మించకుండా రాయండి, మీ రెజ్యూమె, ఉద్యోగ ప్రకటన జతచేయండి. తేదీలను జ్ఞాపకం మీద రాయవద్దు, రిలీవింగ్ లెటర్‌లో ఉన్నట్టే రాయండి. ఇక్కడే చాలామంది పొరపడతారు. చివరి రోజు మార్చి అని లెటర్‌లో ఉండగా, నోటీసు పూర్తి చేసి ఉంటే ఎంతవరకు వచ్చేదో లెక్కవేసుకుని ఫారంలో మే అని రాస్తారు. మేనేజరు ఒకటి చెప్పి, హెచ్ఆర్ రికార్డు ఇంకొకటి చెబితే అనుమానం పడేది మీమీదే. ఫారంలో, రెజ్యూమెలో, ఆయనకు పంపిన కాగితంలో, లెటర్‌లో నెల, సంవత్సరం, హోదా నాలుగుచోట్లా ఒకేలా ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

తర్వాత మీ పనిలో రెండు మూడు సంగతులు, ఆయన కళ్లముందు జరిగినవి మాత్రమే గుర్తుచేయండి. “నిజాయితీగా కష్టపడ్డాను” అన్నది ఆయనకు ఉపయోగపడదు. 2020లో రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం ఇచ్చినప్పుడు, వాయిదా కట్టినవారి లెక్క, కట్టనివారి లెక్క విడివిడిగా నడపవలసిన పని మీ కుర్చీకి వచ్చే ఉంటుంది. దాన్ని మీరు ఎలా నడిపారో రెండు వాక్యాలలో రాయండి. రోజూ సాయంత్రం ఫీల్డు సిబ్బంది తెచ్చిన వసూళ్లను రసీదులతో సరిచూసి క్యాషు మూసిన పని, ఆడిటు వచ్చినప్పుడు ఫైళ్లు చూపించిన పని మీవే అయితే అవీ రాయండి. మీవి కాకపోతే వద్దు. ఆయన చూడని పనిని ఆయన నోట చెప్పించాలని ప్రయత్నిస్తే, రెండో ప్రశ్నకే ఆయన ఇబ్బందిలో పడతారు.

సాధారణంగా అడిగే ప్రశ్నలు కూడా ముందే చెప్పండి: ఎంతకాలం ఆయన కింద పనిచేశారు, హోదా ఏమిటి, నగదు విషయంలో నమ్మదగినవారా, ఎందుకు మానేశారు, అవకాశం ఉంటే మళ్లీ తీసుకుంటారా. మానేసిన కారణం గురించి కొత్త సంస్థవారికి మీరు ఏం చెప్పారో ఆయనకు అక్షరాలా తెలియాలి. “కుటుంబంలో అనారోగ్యం వల్ల నోటీసు పూర్తి చేయలేకపోయాను, ఆ రోజుల జీతం సర్దుబాటు చేసుకుని రిలీవింగ్ లెటర్ ఇచ్చారు” అన్నది నిజం, దాచవలసిందేమీ లేదు. అలాగని జవాబులు రాసిచ్చి వల్లించమనకండి. మీరు ఆయన ముందు ఉంచేది వాస్తవాలే, అభిప్రాయం ఆయనదిగానే ఉండాలి. మీలో ఒక లోపం చెప్పమని అడిగినా ఆయనను చెప్పనివ్వండి. అంతా పొగడ్తే అయితే ఆ మాటకు బరువు ఉండదు.

ఫారంలో ఆయన పేరు ఎదురుగా రెండు హోదాలు రాయాలి: అప్పుడు మీకు బ్రాంచి మేనేజరు, ఇప్పుడు ఏ సంస్థలో ఏ పదవి అన్నది. కొన్ని ఏజెన్సీలు జీమెయిల్ చిరునామాను నమ్మవు, సంస్థ మెయిల్ కావాలంటాయి. ప్రస్తుత ఆఫీసు మెయిల్ వాడుకోవడానికి అభ్యంతరం ఉందేమో ఆయననే అడగండి, ఏ వేళలో ఫోన్ చేస్తే వీలో కూడా అడిగి ఫారంలో రాయండి. రెజ్యూమెలో మాత్రం ఆయన నంబరు వేయకండి, దాన్ని పది చోట్లకు పంపుతారు, ఆయన పది ఫోన్లకు జవాబు చెప్పలేరు. మీరు అనుమతి తీసుకుంటున్నది ఈ ఒక్క ఉద్యోగానికి. ఇంకో సంస్థకు ఇవ్వవలసి వస్తే మళ్లీ ఒక మాట చెప్పండి. ఫారం ఇచ్చిన రోజునే “ఈ వారంలో ఫలానా సంస్థనుంచి గాని, వారి ఏజెన్సీనుంచి గాని తెలియని నంబరుతో ఫోన్ రావచ్చు” అని సందేశం పెట్టండి. ఈ రోజుల్లో తెలియని నంబరు చూసి మోసపు ఫోన్ అనుకుని కట్ చేసేవారే ఎక్కువ.

సోమవారంలోగా ఆయన తేల్చకపోతే, ఇంటర్వ్యూ అయ్యాక రిఫరెన్సు వివరాలు ఇస్తానని విజయనగరంవారి హెచ్ఆర్‌ను అడగవచ్చు. చాలాచోట్ల అభ్యర్థిని ఎంచుకున్నాకే ఫోన్ చేస్తారు గనుక సాధారణంగా ఒప్పుకుంటారు. ఆయన కాదంటే, ఆ రోజుల్లో మీ బ్రాంచిని చూసిన ఏరియా మేనేజరును గాని, మీ పుస్తకాలు తనిఖీ చేసిన ఆడిటరును గాని ఇదే పద్ధతిలో అడిగి, వారు మీకు ఎలా పై అధికారి అయ్యారో ఉన్నదున్నట్టు రాయండి. మీవారి స్నేహితుడెవరినో పాత మేనేజరుగా చూపించే ఆలోచన ఇంట్లో ఎవరికైనా వస్తే మాత్రం అక్కడికక్కడే ఆపండి. ఇలాంటి ఫారాలలో వివరాలన్నీ నిజమేనని సంతకం చేయించుకుంటారు, అబద్ధమని తేలితే చేరిన తర్వాతైనా తీసేయవచ్చు.

మీరు ఎంపికైనా, కాకపోయినా ఆ సంగతి ఆయనకు వారంలోగా రాయండి. మిఠాయి పంపాలని మామగారికి అంతగా ఉంటే, ఆయన ఫోన్ మాట్లాడి, ఫలితం తేలిన తర్వాత పంపమనండి.