పుకారు ఎవరు పుట్టించారో చెప్పమంటున్నారు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో టీమ్ లీడ్‌ని. మా క్లయింట్ కాంట్రాక్ట్ మార్చి నెలాఖరుతో అయిపోతుంది, రెన్యువల్ సంగతి పైనుంచి ఎవరూ చెప్పట్లేదు. "సగం మందిని బెంచ్ మీద వేస్తారంట, నిజమేనా?" అని ఒక జూనియర్ అమ్మాయి వాట్సాప్ గ్రూపులో అడిగింది. ఈ పుకారు ఎవరు మొదలుపెట్టారో పేర్లు ఇమ్మంటున్నారు మా మేనేజర్. ఏం చేయమంటారు?

జవాబు: పేర్ల వేటకు దిగకండి. ఆ అమ్మాయి చాటున అనలేదు, మీరున్న గ్రూపులోనే అడిగింది. ఆమెను మందలిస్తే మాటలు ఆగవు, మీరు లేని ఇంకో గ్రూపులోకి పోతాయి. అలా పోయాయని తెలుసుకోవడం కష్టమేం కాదు. మీటింగ్‌లో "డౌట్స్ ఉన్నాయా?" అంటే ఎవరూ నోరు మెదపరు. మీరు టీ మెషీన్ దగ్గరికి రాగానే మాట క్రికెట్ మీదికి మళ్లుతుంది.

పుకారు ఎంత బలంగా తిరుగుతుందనేది, విషయం మనకెంత ముఖ్యం, అందులో ఎంత అస్పష్టత ఉంది అనే రెండింటి గుణకారమని గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు 1947లో చెప్పారు. లెక్కల సూత్రంలా పట్టుకోనక్కర్లేదు గానీ మీకు పనికొస్తుంది. ఇంటి ఈఎంఐ కట్టేవాళ్లకు ఉద్యోగం ముఖ్యం కాకుండా చేయలేరు కదా. మీరు తగ్గించగలిగింది అస్పష్టతనే.

కాబట్టి ముందు మేనేజర్ దగ్గరికి వెళ్లండి. "పేరు దొరికినా రేపు ఇదే ప్రశ్న ఇంకొకరు అడుగుతారు సార్" అని చెప్పి, నిర్ణయం ఎప్పటికి రావచ్చు, బెంచ్ మీదికి వెళితే వేరే ప్రాజెక్ట్ చూసుకోవడానికి ఎంత టైమ్ ఇస్తారు, ఇందులో టీమ్‌కి ఏది చెప్పొచ్చు అని అడగండి.

తర్వాత టీమ్‌ని కూర్చోబెట్టి ఇలా చెప్పొచ్చు: "కాంట్రాక్ట్ మార్చి 31తో ముగుస్తుంది, అది నిజం. రెన్యువల్ అవుతుందో లేదో నాకు తెలీదు. బెంచ్ లిస్ట్ ఏదీ నేను చూడలేదు. చెప్పకూడనిది ఏదైనా నాకు తెలిస్తే చెప్పలేనంటాను, అబద్ధం మాత్రం ఆడను. కొత్త సంగతి ఉన్నా లేకపోయినా శుక్రవారం నాలుగింటికి మళ్లీ కలుద్దాం."

లిస్ట్ నిజంగా చూడకపోతేనే ఆ మాట అనండి. శుక్రవారం మీటింగ్‌ని మాత్రం క్యాన్సిల్ చేయకండి, చేస్తే అదే కొత్త పుకారవుతుంది. ధైర్యం చెప్పాలనిపించి "ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు" అనేస్తారేమో, అది మీ చేతిలో లేని మాట.

అడ్డుకోవాల్సినవి వేరే ఉన్నాయి. "ఫలానా అతను పని సరిగ్గా చేయట్లేదు, లిస్ట్‌లో ఉన్నాడంట" అని మనిషి పేరు పెట్టి తిప్పడం, క్లయింట్ మెయిల్ స్క్రీన్‌షాట్ పంపడం. వాటిని కూడా గ్రూపులో కాకుండా, ఆ ఒక్కరినీ పిలిచి చెప్పండి. స్క్రీన్‌షాట్ విషయంలో కంపెనీ రూల్ ఉంటుంది, దాని దారి దానిదే.

ఆ అమ్మాయి మెసేజ్‌కి ఇంకా జవాబు పెట్టి ఉండకపోతే ఈరోజే గ్రూపులోనే పెట్టండి: "మంచి ప్రశ్న. రేపు పదకొండింటికి కూర్చుని మాట్లాడుకుందాం."