మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీ పొరపాటున పడితే బ్యాంకుకు ఏం రాయాలి?

ప్రశ్న: మా సంస్థ కరెంట్ అకౌంట్‌లో మినిమమ్ బ్యాలెన్స్ లేదని ఛార్జీ కట్ చేశారు. నా లెక్క ప్రకారం బ్యాలెన్స్ సరిపోయింది. బ్యాంకుకు పద్ధతిగా ఈమెయిల్ ఎలా రాయాలి?

జవాబు: మా అకౌంట్‌లోనూ ఇదే జరిగింది, డబ్బు తిరిగి వచ్చింది. ఈమెయిల్‌కు కూర్చునే ముందు లెక్క తేల్చుకోండి. మీ అకౌంట్‌కు చూసేది నెలవారీ సగటు అయితే, ప్రతిరోజూ చివర్లో ఉన్న నిల్వలన్నీ కూడి నెలలోని రోజులతో భాగిస్తారు. మాకు ఉండాల్సిన సగటు 1,00,000. జూన్‌లో 24 రోజులు 1,20,000, మిగతా 6 రోజులు 40,000 ఉంది. మొత్తం 31,20,000, సగటు 1,04,000. అంటే ఆ 6 రోజులు తగ్గినా ఛార్జీ పడకూడదు. ఒక్క జాగ్రత్త: జమ చేసిన చెక్కు క్లియర్ కాని రోజుల్లో ఆ మొత్తాన్ని కలపకండి. చాలామంది లెక్క తప్పేది అక్కడే.

నేను పంపింది దాదాపు ఇలా ఉంది:

> విషయం: 4417తో ముగిసే కరెంట్ అకౌంట్‌లో జూన్ నెల మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీ రద్దు కోసం
>
> బ్రాంచి మేనేజర్ గారికి,
>
> పై అకౌంట్‌లో జులై 3న జూన్ నెలకు మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీ, దానిపై పన్ను తీసుకున్నారు. మా అకౌంట్ రకానికి ఉండాల్సిన నెలవారీ సగటు 1,00,000. జూన్ సగటు 1,04,000. రోజువారీ నిల్వల పట్టిక, స్టేట్‌మెంట్, అకౌంట్ తెరిచినప్పటి ఛార్జీల పట్టిక జత చేశాను.
>
> దయచేసి ఛార్జీని పన్నుతో సహా తిరిగి జమ చేయండి. మీ లెక్క వేరుగా ఉంటే, ఏ అకౌంట్ రకం, ఏ సగటు ఆధారంగా వేశారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.
>
> ఇట్లు,
> (పేరు, హోదా, సంస్థ, ఫోన్)

చివరి వాక్యాన్ని మాత్రం వదలకండి. మా విషయంలో అసలు సంగతి బయటపడింది దానివల్లే. వాళ్ల సిస్టమ్‌లో మా అకౌంట్‌ను 2,00,000 సగటు కావాల్సిన రకం కింద నమోదు చేశారు. ఆ నమోదు మారకపోతే ఈసారి డబ్బు వెనక్కిచ్చినా వచ్చే నెల ఛార్జీ మళ్లీ పడుతుంది. అందుకే అకౌంట్ రకం సరిచేసినట్టు కూడా రాతలో తీసుకున్నాను.

అకౌంట్‌లో రిజిస్టర్ అయిన ఐడీ నుంచే, సంతకం అధికారం ఉన్నవారి పేరుతో పంపండి. లేకపోతే అడిగింది ఎవరో తేల్చుకోవడంలోనే ఆలస్యం అవుతుంది. పూర్తి అకౌంట్ నంబరు, ఓటీపీ ఈమెయిల్‌లో పెట్టకండి. కోపం వచ్చినా "మోసం" లాంటి మాటలు వద్దు. చదివే ఉద్యోగి ఆ ఛార్జీ వేసిన మనిషి కాకపోవచ్చు, దాన్ని రద్దు చేయించాల్సింది మాత్రం ఆయనే. ఫిర్యాదు నంబరు తప్పకుండా అడిగి తీసుకోండి. వాళ్లు చెప్పిన గడువు దాటినా జవాబు రాకపోతే అదే ఈమెయిల్‌ను ఆ నంబరుతో బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఫార్వర్డ్ చేయండి.