నాన్న డిశ్చార్జి కాగితాలు చదివేటప్పుడు: శ్రావణికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ నాన్న డిశ్చార్జి సమ్మరీ నాలుగు పేజీలూ చూశాను. ఆయన పాత మందుల డబ్బా ఫొటో కూడా పంపి మంచి పని చేశావు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఈ కాగితం అర్థమవుతుంది.

మొదటి పేజీలో నీకు కావలసినవి మూడే. గుండె కింది వైపు గోడకు రక్తం అందక అటాక్ వచ్చింది. కుడి రక్తనాళంలో మందు పూసిన స్టెంట్ ఒకటి వేశారు. ఈఎఫ్ 40 శాతం. ఈఎఫ్ అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ లోపలున్న రక్తంలో ఎంత వంతు బయటికి తోస్తోందన్న లెక్క. మామూలుగా 50 నుంచి 70 దాకా ఉంటుంది. అటాక్ తర్వాత తగ్గినది కొన్ని వారాల్లో కొంత కోలుకోవచ్చు, అందుకే మళ్లీ ఎకో తీయించమని రాశారు. మధ్యలో ఉన్న రక్తపరీక్షల పట్టికలో కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ ఒక్కటి గుర్తుపెట్టుకో, దాని పని ముందు ముందు పడుతుంది.

ఇక మందులు. ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గళ్లు గీయి: కొత్తగా మొదలైనవి, పాతవే కొనసాగేవి, ఆపేసినవి. బ్రాండు పేరు కాదు, స్ట్రిప్పు మీద ఉండే అసలు మందు పేరు రాయి. ఆసుపత్రి ఫార్మసీలో ఇచ్చిన పేరు వేరు, మీ ఊళ్లో షాపతను ఇచ్చే పేరు వేరు, లోపలి మందు ఒకటే కావచ్చు. అలా ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు మింగేవాళ్లు ఎంతమందో.

మీ నాన్న కాగితం మీదే చేసి చూపిస్తాను. కొత్తవి: ఆస్పిరిన్ 75 మధ్యాహ్నం భోజనం తర్వాత, టికాగ్రెలార్ 90 పొద్దున ఒకటి రాత్రి ఒకటి, అటోర్వాస్టాటిన్ రాత్రి, మెటోప్రొలాల్ పొద్దున, రామిప్రిల్ 2.5 రాత్రి, పాంటోప్రజోల్ పరగడుపున. 1-0-1 అంటే పొద్దున, రాత్రి. బీడీ అన్నా అదే. హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు. ఎస్ఓఎస్ అంటే అవసరపడితేనే.

పాత డబ్బాలో టెల్మిసార్టాన్ 40 ఉంది, బీపీకి వాడుతున్నది. సమ్మరీలో దాని ఊసే లేదు. ఆపమనీ రాయలేదు, వాడమనీ రాయలేదు. ఇలాంటిచోటే జాగ్రత్తపడాలి. రామిప్రిల్, టెల్మిసార్టాన్ దాదాపు ఒకే దారిలో పనిచేస్తాయి. రెండూ కలిపి వేసుకుంటే బీపీ బాగా పడిపోవచ్చు, కిడ్నీల మీద భారం పడుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది. రామిప్రిల్ ఇచ్చినప్పుడు దాన్ని మాన్పించాలనే వాళ్ల ఉద్దేశం అయి ఉంటుంది, కానీ మనం ఊహించుకుని ఊరుకోకూడదు. సమ్మరీ చివర్లో ఉన్న నంబరుకు ఇవాళే ఫోన్ చేసి, "ఇంతకుముందు టెల్మిసార్టాన్ వాడేవారు, ఇప్పుడు రామిప్రిల్‌తో పాటు వేయాలా, ఆపాలా" అని అడుగు. జవాబు వచ్చేదాకా రెండూ కలిపి వేయొద్దు.

రెండోది షుగర్ మందు మెట్‌ఫార్మిన్. యాంజియోగ్రామ్‌కు ఎక్కించే మందు కిడ్నీల మీద ప్రభావం చూపొచ్చు కాబట్టి మెట్‌ఫార్మిన్‌ను 48 గంటలు నిలిపి, క్రియాటినిన్ చూసి మొదలుపెట్టమని రాశారు. తాత్కాలికంగా ఆపినది అంతటితో మరుగున పడిపోవడం చాలా ఇళ్లల్లో జరుగుతుంది. నెల తర్వాత షుగర్ మూడు వందలకు ఎక్కితే అప్పుడు తెలుస్తుంది. ఏ తేదీన మళ్లీ మొదలుపెట్టాలో ఆ ఫోన్‌లోనే అడిగి రాసుకో.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సినది ఇది. ప్రతి మందు ఎదురుగా "15 రోజులు" అని ఉంది చూశావా? పదిహేను రోజులకు ఆపేయమని కాదు. ఈలోగా రివ్యూకు వస్తారు గనక అప్పటిదాకా రాశారు. స్ట్రిప్పు అయిపోయింది, కోర్సు పూర్తయిందని, రక్తం గడ్డకట్టకుండా చూసే టికాగ్రెలార్ మానేస్తే కొత్త స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి మూసుకుపోవచ్చు, అది ప్రాణం మీదికి వస్తుంది. అటాక్ వచ్చి స్టెంట్ వేసినవాళ్లకు ఆస్పిరిన్‌తో పాటు ఈ రెండో మందును సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా, పంటి డాక్టరు ఆపమన్నా, ముందు గుండె డాక్టర్ని అడగాల్సిందే. వారం రోజులకు సరిపడా మిగిలి ఉండగానే కొత్త స్ట్రిప్పు కొను. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట ఒకటే వేయి, రెండు కలిపి వేయొద్దు.

టికాగ్రెలార్ వేసుకున్న కొందరికి కాస్త ఆయాసంగా అనిపిస్తుంది. అది మందు వల్లా, గుండె వల్లా అన్నది ఇంట్లో తేల్చే విషయం కాదు. మందు మానకుండా డాక్టరుకు చెప్పండి. అలాగే మోకాళ్ల నొప్పులకు మీ నాన్న షాపులో తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ బిళ్లలు ఇంట్లోంచి తీసేయి. ఈ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది, గుండెకూ కిడ్నీకీ చేటు.

రివ్యూ "వారం తర్వాత" అని ఉంటే డిశ్చార్జి తేదీ నుంచి లెక్కేసి క్యాలెండర్‌లో గుర్తుపెట్టు. రామిప్రిల్ మొదలుపెట్టారు కాబట్టి క్రియాటినిన్, పొటాషియం ఎప్పుడు చేయించాలో కూడా ఫోన్‌లో అడుగు. ముందురోజే రక్తం ఇస్తే రిపోర్టు చేతిలో ఉంటుంది. వెళ్లేటప్పుడు సమ్మరీ, స్టెంట్ కార్డు, యాంజియో సీడీ, మందులన్నీ డబ్బాతో సహా తీసుకెళ్లు. డిశ్చార్జి నాటి ఈసీజీని ఫొటో తీసి నీ ఫోన్‌లో, అమ్మ ఫోన్‌లో ఉంచు. అర్ధరాత్రి వేరే ఆసుపత్రికి పోవాల్సి వస్తే అక్కడి డాక్టరు కొత్త ఈసీజీని దానితో పోల్చి చూస్తాడు. ఆరోగ్యశ్రీ మీద చేయించారు కదా, ఫాలో-అప్ మందులు ఆ పథకం కింద వస్తాయేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగు.

ప్రమాద సూచనలకు సమ్మరీలో ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఛాతీలో నొప్పి, బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు వస్తే కూర్చోబెట్టి, గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ 5 బిళ్ల ఒకటి నాలుక కింద పెట్టు. నిలబడి వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108. బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చెమట, కడుపు పైభాగంలో ఇబ్బంది వచ్చి ఆయన "గ్యాసేలే" అన్నా వినొద్దు.

మలం తారులా నల్లగా జిగటగా వచ్చినా, రక్తం వాంతి అయినా వెంటనే ఆసుపత్రికి. యాంజియోగ్రామ్‌కు గొట్టం పెట్టిన చేతి మణికట్టు దగ్గర కమిలినట్టు నీలంగా ఉండటం మామూలే. వాపు పెరుగుతున్నా, రక్తం కారుతున్నా గట్టిగా అదిమిపట్టి బయల్దేరండి. రోజూ పొద్దున బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు బరువు చూసి గోడ మీద క్యాలెండర్‌లో రాయించు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, పాదాలు వాచి, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటుంటే ఒంట్లో నీరు చేరుతున్నట్టు. రివ్యూ తేదీ కోసం ఆగకుండా ఆ రోజే డాక్టరుతో మాట్లాడు.

ఇవాళ ఆ ఫోన్ అయ్యాక టెల్మిసార్టాన్ గురించి, మెట్‌ఫార్మిన్ తేదీ గురించి ఏమన్నారో నాకు మెసేజ్ పెట్టు. మూడు గళ్ల కాగితం కూడా ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ