మొదటి లైన్లో "వస్తున్నాను", ఆ తర్వాతే ప్రశ్నలు

చిట్టీ,

నిన్న నువ్వు వాట్సాప్‌లో పంపిన ఇంటర్వ్యూ మెయిలు స్క్రీన్‌షాట్ చూశాను. గురువారం ఉదయం 11 గంటలకి టెక్నికల్ డిస్కషన్, వీలవుతుందో లేదో చెప్పండి అని రెండు ముక్కలు రాసి ఊరుకుంది ఆ రిక్రూటర్. ఎంతసేపో, ఎవరు మాట్లాడతారో, ఏం చేయిస్తారో ఒక్క మాట లేదు. అడిగితే ఏమనుకుంటారో అని నీ భయం. పదిహేనేళ్లు అలాంటి మెయిళ్లు పంపినదాన్ని, చెబుతున్నా విను. ఏమీ అనుకోరు. ఒకే టెంప్లేటుని పదిమందికి తోసేస్తూ ఆ వివరాలు పెట్టడం మర్చిపోతాం, అంతే.

కాకపోతే వరస ముఖ్యం. రిక్రూటర్ నీ జవాబు ఫోన్లోనే చూస్తుంది, అదీ ఇంకో కాల్‌లో ఉండి. ఆవిడకి కావలసింది ఒక్కటే, ఆ స్లాట్ ఖాయమా కాదా. నువ్వు ప్రశ్నలతో మొదలుపెట్టి "వస్తాను" అన్నమాట అడుగున దాచావనుకో, "ఈ అమ్మాయికి ఇంకా సందేహాలున్నట్టున్నాయి, తర్వాత చూద్దాం" అని పక్కన పెడుతుంది. ఈలోగా ఆ ప్యానెల్ టైము ఇంకొకరికి వెళ్లిపోతుంది. నేనూ అలా ఇచ్చేశాను, అబద్ధమెందుకు. "ఇవి చెబితే కన్ఫర్మ్ చేస్తాను" అని మాత్రం రాయకు, అది బేరంలా ఉంటుంది.

క్యాలెండర్ ఇన్వైట్ కూడా వస్తే ముందు దాన్ని తెరిచి చూడు. వ్యవధి, పిలిచినవాళ్ల పేర్లు ఒక్కోసారి అందులోనే ఉంటాయి. ఉన్నవాటినే మళ్లీ అడిగితే మెయిలు చదవలేదని తెలిసిపోతుంది. అందులో 'యెస్' నొక్కి ఊరుకోకు, మెయిలుకి విడిగా జవాబివ్వాలి, సీసీలో ఉన్నవాళ్లందరికీ వెళ్లేలా.

నువ్వు ఎలాగూ ఇంగ్లీషులోనే రాస్తావు, విషయం మాత్రం ఇంతే ఉండాలి:

"నమస్కారం. గురువారం ఉదయం 11 గంటలకి, భారత కాలమానం ప్రకారం, ఇంటర్వ్యూకి వస్తున్నాను. ఆ రోజు 10:30 నుంచి 1 గంట దాకా ఖాళీగా ఉంటాను. సిద్ధమవడానికి మూడు విషయాలు చెప్పగలరా? ఇందులో కోడింగ్ ఉంటుందా, ఉంటే ఏ ప్లాట్‌ఫారం మీద? సుమారు ఎంతసేపు, ఆ రోజు ఒక్క రౌండేనా? వీలైతే, ఇంటర్వ్యూ చేసేవారి పేరు, హోదా? నా ఫోన్ నంబరు కింద ఇస్తున్నాను."

"టెక్నికల్ డిస్కషన్" అన్నమాటని అస్సలు నమ్మకు. ఒకసారి నేను పంపిన మెయిల్లోనూ అదే మాట. పాపం ఆ అబ్బాయి కబుర్లే కదా అనుకుని, ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ క్యాబ్‌లోంచి ఫోన్లో చేరాడు. అక్కడ ఇంజనీరు స్క్రీన్ షేర్ చేసి కోడ్ రాయమన్నాడు. ల్యాప్‌టాప్ లేదు. పది నిమిషాల్లో ముగిసింది. తప్పు నాదీ సగం. అందుకే "ఇంటర్వ్యూ ఎలా ఉంటుంది" అని గుండుగుత్తగా అడగొద్దు. అలా అడిగితే "మామూలుగానే ఉంటుంది" అంటారు. కోడ్ రాయాలా అని సూటిగా అడిగితే అవును, కాదు అని తేలిపోతుంది.

ఎంతసేపు అన్నదానికి పక్కనే ఒక్క రౌండేనా అని ఎందుకు చేర్చమన్నానంటే, కొన్ని చోట్ల మొదటిది బాగా చేస్తే అదే పూట రెండోదానికి కూర్చోబెడతారు. నీకు ఆఫీసులో 11:30కి స్టాండప్ మీటింగ్ ఉందన్నావు కదా, దాన్ని ముందే తప్పించుకో. మేనేజరు పిలుస్తున్నాడని ఇంటర్వ్యూ మధ్యలో చూపులు పక్కకి పోతే ఎదుటివాళ్లకి ఇట్టే తెలుస్తుంది.

పేర్లు మాత్రం "వీలైతే" అనే అడగాలి. ప్యానెల్ చివరి రోజు దాకా మారుతూనే ఉంటుంది, కొన్ని కంపెనీలు చెప్పవు కూడా. చెప్పకపోతే పట్టుబట్టకు, హోదా తెలిసినా చాలు. సీనియర్ ఇంజనీరైతే నీ కోడ్ లోతుల్లోకి దిగుతాడు. నిన్ను తీసుకునే మేనేజరే అయితే నీ ప్రాజెక్టులో నువ్వు ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నావో అడుగుతాడు. పేరు తెలిసింది కదా అని లింక్డ్‌ఇన్‌లో ముందే రిక్వెస్టు పెట్టేయకు, ఎబ్బెట్టుగా ఉంటుంది. ప్రొఫైలు చూసుకో, చాలు. జీతం సంగతి ఈ మెయిల్లో ఎత్తకు.

ఇవాళే పంపెయ్. బుధవారం మధ్యాహ్నానికి జవాబు రాకపోతే ఒక్కసారి ఫోన్ చేసి కోడింగ్ సంగతి ఒక్కటీ కనుక్కో. అదీ తెలియకపోతే ల్యాప్‌టాప్, ఛార్జర్ దగ్గర పెట్టుకుని, తలుపేసుకుని కూర్చో.

గురువారం అయ్యాక ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే డాబా మీద వడియాలు పెడుతున్నానని అర్థం, ఇంకోసారి చెయ్యి.

మీ అత్తయ్య