పరగడుపు షుగరు దిగింది, మధ్యాహ్నం షుగరు దిగలేదు: మా నాన్నకి ఇన్సులిన్ మార్చిన కథ

ప్రశ్న: మా అమ్మకి నిన్నటి దాకా రాత్రి ఒక్క ఇన్సులిన్ సూదే ఉండేది. ఇప్పుడు అది ఆపి పొద్దున, రాత్రి వేసుకునే తెల్లటి ఇన్సులిన్ రాశారు. పక్కింటాయనకేమో రోజుకి నాలుగు సూదులు. బేసల్, బోలస్, మిక్స్ అంటే ఏంటి? ఎవరికి ఏది ఇస్తారు?

జవాబు:

మా నాన్న ఈ మూడూ వాడారండి. మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఆయనకి 63 ఏళ్లు, బరువు 58 కిలోలు, ఇప్పటికీ పొలం పని మానలేదు. డాక్టరు గారు ఎందుకు మారుస్తూ వచ్చారో నాకు మొదట్లో తెలియలేదు. షుగరు మిషన్‌తో చూసి రాసిన కాగితాలు ముందు పెట్టుకుని ఆయన చెప్పాకే అర్థమైంది.

మనం ఏమీ తినకపోయినా కాలేయం రక్తంలోకి గ్లూకోజు వదులుతూనే ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచడానికి ఒంట్లో ఇన్సులిన్ రాత్రీ పగలూ కొద్దికొద్దిగా ఊరుతుంది. అన్నం తిన్నప్పుడు మాత్రం ఒక్కసారిగా ఎక్కువ వస్తుంది. మొదటి పని చేసే మందు బేసల్, రెండో పని చేసేది బోలస్. రెండిటినీ ఒకే సీసాలో కలిపి ఇచ్చేదే మిక్స్.

నాన్నకి మాత్రలతో ఆగక, మూడు నెలల సగటు షుగరుని చూపే హెచ్‌బిఎ1సి 9.8కి వెళ్లినప్పుడు మొదట బేసలే ఇచ్చారు. గ్లార్జిన్ అనే మందు, రాత్రి పదింటికి 10 యూనిట్లు. అది దాదాపు రోజంతా ఒకే తీరుగా పనిచేస్తుంది, అందుకే రోజుకి ఒక్క సూది చాలు. పరగడుపున చూసుకుంటూ మూడు రోజులకోసారి 2 యూనిట్లు పెంచమన్నారు. 210 ఉన్న పరగడుపు షుగరు, డోసు 22కి వచ్చేసరికి 118కి దిగింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ మూడు నెలలకి హెచ్‌బిఎ1సి 8.6 దగ్గరే ఆగింది.

మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకి చూస్తే 270. పొద్దున చోడి అంబలి తాగుతారు, రాత్రి తక్కువే తింటారు. మధ్యాహ్నం మాత్రం పెద్ద కంచం నిండా అన్నం. ఆ అన్నం పెంచిన షుగరుని దించడం బేసల్ పని కాదు. ఇంకో నాలుగు యూనిట్లు పెంచితే దిగుతుందేమో అని నేనే అడిగాను. డాక్టరు గారు వద్దన్నారు. అలా పెంచుకుంటూ పోతే మధ్యాహ్నం అంకె పెద్దగా మారదు, తెల్లవారుజామున షుగరు పడిపోతుంది. కిలో బరువుకి అర యూనిట్ దాకా వచ్చినా, అంటే నాన్నకి 29 యూనిట్ల దగ్గర, అదుపు రాకపోతే బేసల్ పెంచడం ఆపి భోజనం సంగతి చూడాలని చెప్పారు. మీ అమ్మగారికీ బహుశా ఇక్కడే మార్చి ఉంటారు. పరగడుపు అంకె బాగుండి తిన్నాక అంకె ఎక్కువగా ఉందేమో పాత కాగితాల్లో చూడండి.

రోజుకి రెండు సూదులకి మించితే నాన్న ఒప్పుకోనన్నారు. అందుకని మిక్స్ రాశారు: 30/70. అందులో 30 వంతులు భోజనానికి పనిచేసేది, 70 వంతులు నిదానంగా పనిచేసేది. అదే 22 యూనిట్లని పొద్దున 14, రాత్రి 8గా విడదీసి, తిండికి అరగంట ముందు వేసుకోమన్నారు. అంతకుముందు వాడుతున్న గ్లిమిపిరైడ్ మాత్ర ఆపేశారు. ఖర్చు కూడా తగ్గింది. తెల్లగా ఉండేది ఆ నిదానం మందే, కదపకుండా ఉంచితే అడుక్కి దిగుతుంది. సీసాని అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేసి, పాలలా ఒకే రంగు వచ్చాకే ఎక్కించాలి. గట్టిగా ఊపకూడదు. కలిపాక కూడా పలుకులు కనిపిస్తే ఆ సీసా వాడకండి.

రెండు నెలలు బాగానే గడిచింది. వరి నాట్ల రోజుల్లో వచ్చింది తంటా. ఒకరోజు పొద్దున ఏడున్నరకి సూది, ఎనిమిదింటికి అంబలి. రోజూ పన్నెండున్నరకి తినే మనిషి, మడిలో పని తెమలక ఒకటిన్నర దాకా గట్టెక్కలేదు. చెమటలు, చేతుల వణుకు, అడిగినదానికి సంబంధం లేని జవాబులు. ఇంటికి తీసుకొచ్చి చూస్తే 54. మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూస్తే 88. అప్పుడు అన్నం పెట్టాం. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

పొద్దున వేసిన మిక్స్‌లోని ఆ 70 వంతులు నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య బలంగా పనిచేస్తాయి. అంటే మధ్యాహ్నం అన్నానికి సరిపడే మందు పొద్దున్నే ఒంట్లోకి వెళ్లిపోయింది. భోజనం ఆలస్యమైతే దాన్ని వెనక్కి తీయలేం. ఇంట్లో ఉండి వేళకి తినేవాళ్లకి మిక్స్ మంచి మందే, మా అత్తయ్య ఏళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా వాడుతోంది. వేళ తప్పే పనులున్న మా నాన్నకి మాత్రం అది సరిపడలేదు.

జరిగింది చెప్పగానే డాక్టరు గారు మళ్లీ మార్చారు. రాత్రి గ్లార్జిన్ 18 యూనిట్లు, మధ్యాహ్నం అన్నానికి ముందు మాత్రం బోలస్ 4 యూనిట్లు. ఈ బోలస్ ఆస్పార్ట్ రకం, కంచం ముందు కూర్చునేటప్పుడు వేసుకోవచ్చు, మూడు నుంచి ఐదు గంటల్లో పని అయిపోతుంది. భోజనం రెండున్నరకైతే సూదీ రెండున్నరకే. తినకపోతే ఆ సూది వేయం. సూదులు రెండే కాబట్టి నాన్న కూడా సరేనన్నారు. ఇప్పుడు తిన్నాక 170, 180 మధ్య ఉంటోంది. ఈ అంకెలన్నీ ఆయన ఒంటికి కుదిరినవి, మీ అమ్మగారి డోసు వాళ్ల డాక్టరే చెప్పాలి.

మీ పక్కింటాయనకి నాలుగంటే, మూడు పూటలా బోలస్, ఒక బేసల్ అయి ఉండాలి. టైప్ 1 వాళ్లకి ఒంట్లో ఇన్సులిన్ దాదాపు ఊరదు కనుక సాధారణంగా ఇదే పద్ధతి. వాళ్లు ఉపవాసమున్నా, వాంతులై తినలేకపోయినా బేసల్ మాత్రం మానకూడదు. టైప్ 2లో కూడా మూడు పూటలా తిన్నాక షుగరు పెరిగేవాళ్లకి ఇస్తారు.

ఒక్క జాగ్రత్త. గ్లార్జిన్, ఆస్పార్ట్ రెండూ నీళ్లలా తేటగానే ఉంటాయి, రంగు చూసి పోల్చుకోలేం. రాత్రి నిద్రమత్తులో 18 యూనిట్ల బోలస్ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. మేం బోలస్ పెన్నుకి ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టి, దాన్ని వంటింట్లో కంచాల దగ్గరే పెడతాం. రాత్రిది నాన్న మంచం దగ్గర.

మీ అమ్మగారికి ఈ వారంలో మూడు రోజులు పరగడుపున, మధ్యాహ్నం అన్నానికి ముందు, తిన్న రెండు గంటలకి, రాత్రి అన్నానికి ముందు చూసి రాయండి. ఆ అంకెల పక్కనే ఆవిడ నిజంగా ఎన్నింటికి తిన్నారో కూడా రాయండి. మధ్యాహ్నం భోజనం ఒకరోజు పన్నెండుకి, ఒకరోజు రెండుకి అవుతుంటే ఆ కాగితం చూపించి, ఈ మిక్స్ ఆవిడకి సరిపడుతుందా అని డాక్టరు గారిని సూటిగా అడగండి.