రెస్పాన్సివ్ సెర్చ్ యాడ్ శీర్షికలు ఎలా కలిసినా అర్థవంతంగా ఉండాలంటే?

"గూగుల్ నా శీర్షికలను ఇష్టం వచ్చినట్టు కలుపుతోంది, ప్రకటన అతుకులబొంతలా కనిపిస్తోంది. ఎలా రాయాలి?"

ప్రతి శీర్షికా పక్కదాని ఆసరా లేకుండా నిలబడాలి. ఏసీ మరమ్మతు ప్రకటననే తీసుకోండి. "అంతేకాదు, ఉచిత తనిఖీ" అన్నది మొదట పడితే తలా తోకా ఉండదు. "ఏసీ తనిఖీ ఉచితం" ఎక్కడైనా ఇమిడిపోతుంది. "తక్కువ ధరకే ఏసీ సర్వీస్", "ఏసీ సర్వీస్ చౌకగా" రెండూ ఇస్తే అవి పక్కపక్కనే పడి చెప్పిందే చెప్పినట్టవుతుంది. అందుకే ఒకటి సేవ, ఒకటి ధర, ఒకటి సమయం, ఒకటి వారంటీ గురించి రాయండి. శీర్షికలకు ఇచ్చే 15 ఖాళీలనూ నింపితీరాలని లేదు.

సేవ పేరున్న రెండు మూడు శీర్షికలను మొదటి స్థానంలోనే కనిపించేలా పిన్ చేయండి; ఒక్కదాన్నే చేస్తే గూగుల్‌కు అక్కడ మార్చి చూసే వీలుండదు. మూడో స్థానం ఒక్కోసారి కనిపించదు కనుక తప్పనిసరి షరతును అక్కడ పెట్టకండి.